తగ్గిన నొప్పి మళ్లీ పెరిగింది: కాన్పు కుట్లలో చీము పట్టిన ఒక కేసు

కాన్పు తర్వాత కుట్ల దగ్గర నొప్పి లేని బాలింత అరుదు. అందుకే "నొప్పిగా ఉంది" అన్న ఫిర్యాదు వినగానే "కుట్లు కదా, ఉంటుంది" అనే జవాబు నోటికి వచ్చేస్తుంది. ఈ కేసులో ఆ జవాబు వల్ల నాలుగు రోజులు పోయాయి. ఆమె చెప్పిన మాటల్లోనే రోగ నిర్ధారణ ఉంది, దాన్ని పట్టుకునే ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. ఎవరో గుర్తుపట్టేలా ఉండే వివరాలు తీసేశాం. రోజుల లెక్కలో కాన్పు జరిగిన రోజును సున్నాగా తీసుకున్నాం.

నేపథ్యం

ఇరవైల చివర్లో ఉన్న స్త్రీ, తొలి కాన్పు, నెలలు నిండాక వచ్చిన నొప్పులు. షుగర్ లేదు, రక్తహీనత లేదు, పొగతాగే అలవాటు లేదు. అంటే గాయం మానడాన్ని ఆలస్యం చేసే మామూలు కారణాలేవీ లేవు. చాలాసేపు ముక్కినా బిడ్డ తల ముందుకు రాకపోవడంతో యోని ద్వారం వెడల్పు కావడానికి కుడివైపు ఏటవాలుగా కోత, అంటే ఎపిసియోటమీ, పెట్టి, వాక్యూమ్‌తో కాన్పు చేశారు. బిడ్డ బరువు 3.6 కిలోలు.

ఈ గాయాలను లోతును బట్టి నాలుగు డిగ్రీలుగా చెబుతాం. చర్మం, యోని పైపొర మాత్రమే చిరిగితే మొదటి డిగ్రీ. యోనికీ మలద్వారానికీ మధ్య ఉండే కండరాలు, అంటే పెరీనియం కండరాలు కూడా చిరిగితే రెండో డిగ్రీ. మలద్వారాన్ని బిగించి ఉంచే కండరపు వలయం కొంతైనా తెగితే మూడో డిగ్రీ. ఆ వలయం తెగి, లోపలి మలాశయపు పొర కూడా చిరిగితే నాలుగోది. ఎపిసియోటమీ కోత కండరాల దాకా వెళ్తుంది కాబట్టి లోతులో రెండో డిగ్రీతో సమానం. ఈమె రికార్డులో అదే రాసి ఉంది. త్వరగా కరిగే పాలీగ్లాక్టిన్ దారంతో యోని గోడ, కండరం, చర్మం మూడు పొరలుగా కుట్టారు. ఆ దారం 10 నుంచి 14 రోజుల్లో పట్టు వదిలేస్తుంది, సుమారు 6 వారాల్లో పూర్తిగా కరిగిపోతుంది.

రికార్డులో రెండు ఖాళీలు కనిపించాయి. కుట్లు పూర్తయ్యాక మలద్వారంలో వేలుతో పరీక్ష చేసినట్టు రాసి లేదు. చేసి ఉండొచ్చు, కానీ తర్వాత సమస్య వచ్చినప్పుడు రాయని పరీక్షను నమ్ముకోలేం. రెండోది, వాక్యూమ్ కాన్పు తర్వాత ఇవ్వాల్సిన ఒక్క డోసు యాంటీబయాటిక్ ఇచ్చినట్టు లేదు. 2019లో వచ్చిన ఆనోడ్ అనే పెద్ద బ్రిటిష్ ట్రయల్‌లో, వాక్యూమ్ లేదా ఫోర్‌సెప్స్ కాన్పైన 6 గంటల్లోపు నరంలోకి ఒక్క డోసు అమాక్సిసిలిన్-క్లావులానేట్ ఇచ్చినవారిలో ఇన్‌ఫెక్షన్ 19 శాతం నుంచి 11 శాతానికి తగ్గింది. కుట్లు విడిపోవడం కూడా తగ్గింది. ఆ డోసు ఇచ్చి ఉంటే ఈమెకు ఈ ఇబ్బంది వచ్చేది కాదని చెప్పలేం. ముప్పు తగ్గి ఉండేదని మాత్రం చెప్పగలం.

మొదటి ఐదు రోజులు: అంతా మామూలే

మొదటి రోజు నొప్పికి పదికి ఏడు అంకె ఇచ్చుకుంది. గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్ ఒక్కోసారి 10 నుంచి 20 నిమిషాలు, 6 గంటలకోసారి పారాసిటమాల్ 1 గ్రాము, 8 గంటలకోసారి ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు. ఈ రెండు మాత్రలూ పాలిచ్చే తల్లికి ఇవ్వదగ్గవే. రెండో రోజు నొప్పి ఐదు, మూడో రోజు నాలుగు, నాలుగో రోజు మూడు. వాపు రెండో రోజు ఎక్కువగా ఉండి ఆ తర్వాత దిగింది. రెండో రోజు ఇంటికి పంపారు.

మానే గాయం ఇలాగే నడుస్తుంది. మొదటి రెండు మూడు రోజులు వాపు, మంట, కూర్చోవడానికి ఇబ్బంది ఉంటాయి. తర్వాత నొప్పి రోజురోజుకూ ఒక మెట్టు దిగుతుంది. వారం దాటాక నొప్పి స్థానంలో లాగినట్టు, దురదగా అనిపించడం మొదలవుతుంది. 10వ రోజు దాటాక ప్యాడ్ మీద చిన్న దారం ముక్కలు కనిపించడం కూడా మామూలే. కుట్లు ఊడిపోయాయని భయపడి వచ్చేవారిలో చాలామందికి జరిగింది ఇదే. కాన్పు తర్వాత పోయే స్రావానికి ఒక రకమైన రక్తపు వాసన ఎలాగూ ఉంటుంది. కుళ్లిన వాసన వేరు. ఒకసారి చూసినవారికి ఆ తేడా చెప్పనక్కర్లేదు, కానీ తొలి కాన్పు బాలింతకు పోల్చుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి మనమే విడమరిచి అడగాలి.

సమస్య మొదలైన తీరు

ఐదో రోజు సాయంత్రం నొప్పి మళ్లీ ఐదుకు చేరింది. ఆరో రోజు ఏడు. ముందు ఉన్న మంట లాంటిది కాదు, "లోపల గుండె కొట్టుకుంటున్నట్టు సలుపుతోంది" అని ఫోన్‌లో చెప్పింది. కుట్లకు కుడివైపు గట్టిగా ఉబ్బినట్టు చేతికి తగులుతోందని కూడా చెప్పింది. ఫోన్ ఎత్తినవారు జ్వరం ఉందా అని అడిగారు. లేదంది. నడక ఎక్కువైందేమో, కుట్లు లాగుతున్నాయేమో అని చెప్పి నొప్పి మాత్రలు ఆపకుండా వేసుకోమన్నారు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరిగాయి. మొదటిది, నొప్పి ఎంత ఉందని అడిగారు కానీ నిన్నటితో, మొన్నటితో పోలిస్తే ఎలా ఉందని అడగలేదు. రెండో రోజు ఏడు ఉంటే ఐస్, మాత్రలు సరిపోతాయి. మూడుకు దిగిన నొప్పి ఆరో రోజు ఏడుకు ఎక్కిందంటే ఆ గాయాన్ని కళ్లతో చూడాల్సిందే. కుట్ల ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా బయటపడేది ఈ రోజుల్లోనే. క్రిములు లోపల పెరిగి, చీము కూడి, కణజాలాన్ని ఉబ్బించడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి మొదటి రెండు రోజులు ప్రశాంతంగా గడవడం దేనికీ భరోసా కాదు.

రెండోది, జ్వరం లేదన్న మాటను నమ్మడం. ఆమె 6 గంటలకోసారి గ్రాము పారాసిటమాల్ వేసుకుంటోంది, దాంతోపాటు ఐబుప్రోఫెన్. రెండూ జ్వరాన్ని దించేవే. ఆ మాత్రల మీద ఉన్న మనిషికి ఉష్ణోగ్రత మామూలుగా ఉందంటే ఇన్‌ఫెక్షన్ లేనట్టు కాదు. పైగా కుట్లకే పరిమితమైన ఇన్‌ఫెక్షన్‌లో జ్వరం అసలు రాకపోవచ్చు.

ఏడో రోజు మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి వాసన గురించి తనే చెప్పింది. చూడకుండానే అమాక్సిసిలిన్-క్లావులానేట్ 625 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు మూడుసార్లు రాశారు. మందు ఎంపికలో తప్పు లేదు. ఈ భాగంలో ఉండే రకరకాల క్రిముల మీద, గాలి లేకుండా పెరిగే వాటి మీద కూడా అది పనిచేస్తుంది, పాలిచ్చే తల్లికి ఇవ్వొచ్చు. తప్పు ఎక్కడంటే, మందు మొదలుపెట్టారు కాబట్టి ఇక చూడనక్కర్లేదని అనుకోవడంలో.

ఎనిమిదో రోజు నొప్పి ఎనిమిది. తొమ్మిదో రోజు ఉదయం ఒక్కసారిగా మూడుకు పడిపోయింది. మందు పనిచేసిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అదే సమయానికి ప్యాడ్ పచ్చగా తడిసింది. గంటల తేడాలో నొప్పి అంతలా పడిపోతే అది మానడం కాదు. లోపల ఒత్తిడితో నిండిన చీము దారి చేసుకుని బయటికి వచ్చింది, ఒత్తిడి తగ్గింది కాబట్టి నొప్పి తగ్గింది. అద్దంలో చూసుకుంటే కుట్ల కింది కొస విడిపోయి కనిపించడంతో పదో రోజు ఆమె స్వయంగా వచ్చింది.

పరీక్ష

గాయం కంటే ముందు మనిషిని చూడాలి. ఉష్ణోగ్రత 37.9 డిగ్రీల సెల్సియస్ (చివరి పారాసిటమాల్ వేసుకుని 5 గంటలైంది), నాడి 96, శ్వాస నిమిషానికి 18, రక్తపోటు 112/70. మాట స్పష్టంగా ఉంది, మూత్రం బాగానే వస్తోంది. పొత్తికడుపు నొక్కితే గర్భసంచి దగ్గర నొప్పి లేదు, రొమ్ముల్లో గడ్డలు లేవు. అంటే ఇన్‌ఫెక్షన్ ఇంకా కుట్ల దగ్గరే ఉంది, ఒళ్లంతా పాకలేదు. ఈ అంకెలు వేరేగా ఉంటే, అంటే నాడి 120 దాటి, శ్వాస వేగంగా ఉండి, మనిషి అయోమయంగా ఉంటే, కుట్ల సంగతి పక్కనపెట్టి ముందు సెప్సిస్‌కు చికిత్స మొదలుపెట్టేవాళ్లం.

మంచి లైటు కింద, కాళ్లు ఎడంగా పెట్టించి చూశాం. కుట్ల గీత పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. కింది 2.5 సెంటీమీటర్లు విడిపోయి ఉంది, దాని పైన సుమారు 1 సెంటీమీటరు చర్మం అతుక్కునే ఉంది కానీ ఉబ్బి, మెరుస్తోంది. చుట్టూ ఎరుపు 2 సెంటీమీటర్ల మేర ఉంది. ఆ ఎరుపు అంచును పెన్నుతో గీసి పెట్టాం. కొన్ని గంటల తర్వాత గీత దాటిందా లేదా అన్నది ఏ రక్తపరీక్షకన్నా ముందు కబురు చెబుతుంది. అతుక్కుని ఉన్న చర్మాన్ని మెల్లగా నొక్కితే చిక్కటి చీము వచ్చింది. యాంటీబయాటిక్ మూడు రోజులు వాడినా తగ్గకపోవడానికి కారణం ఇదే: మూసుకుపోయిన చీము సంచిలోకి రక్తం ద్వారా మందు సరిగా చేరదు.

గీసిన గీత వెనుక మరో ఆలోచన కూడా ఉంది. కంటికి కనిపించేదాని కన్నా నొప్పి చాలా ఎక్కువగా ఉండి, ఎరుపు గంటల్లో పాకుతూ, చర్మం నీలంగానో బూడిద రంగులోనో మారి, నొక్కితే చర్మం కింద గాలి బుడగలు చిటపటలాడినట్టు ఉంటే అది కణజాలాన్ని కుళ్లబెట్టే ఇన్‌ఫెక్షన్. అరుదే, కానీ అప్పుడు గంటల్లో ఆపరేషన్ చేయాలి. ఈమెలో ఆ లక్షణాలేవీ లేవు, రెండు గంటల తర్వాత గీత దాటలేదు.

తర్వాత యోనిలో వేలుతో, స్పెక్యులమ్‌తో చూశాం. కుట్లు వేసేటప్పుడు రక్తం అద్దిన గాజుగుడ్డ ముక్క లోపల మరిచిపోతే సరిగ్గా ఇదే వారంలో భరించలేని వాసనతో బయటపడుతుంది. దాన్ని ఇన్‌ఫెక్షన్ అనుకుని మందులు మారుస్తూ పోయిన కేసులు ఉన్నాయి. ఇక్కడ ఏమీ లేదు.

మిగిలింది మలద్వారం పరీక్ష. దానికి ముందు ఒక ప్రశ్న: "గాలి పోయేటప్పుడు వెనక నుంచి పోతోందా, ముందు నుంచి పోతున్నట్టు అనిపిస్తోందా?" ఎవరూ తమంతట తాము చెప్పే మాట కాదిది. ఆమె కాసేపు ఆగి, "వెనక నుంచే, కానీ ఆపుకోలేకపోతున్నా, సిగ్గేసి చెప్పలేదు" అంది. ముందు నుంచి గాలి గానీ, మలం గానీ వస్తోందంటే యోనికీ మలాశయానికీ మధ్య రంధ్రం పడిందని అనుమానించాలి. మలద్వారపు వలయం బాగానే ఉండి, పైన గోడ మాత్రమే బొత్తం కాజాలా చిరిగిన గాయాన్ని కాన్పు గదిలో గమనించకపోతే ఇలా అవుతుంది. వెనక నుంచే పోతూ ఆగకపోతుంటే వలయం తెగిందేమో చూడాలి.

జెల్ రాసి, ఆమె సరేనన్నాక, చూపుడు వేలు మలద్వారంలో, బొటనవేలు బయట పెరీనియం మీద ఉంచి మధ్యలో ఉన్న కండరాన్ని నలిపి చూశాం. ముందువైపు కండరం దళసరిగా, తెగకుండా వలయంలా తగిలింది. మలద్వారం చుట్టూ చర్మపు ముడతలు ముందువైపు కూడా ఉన్నాయి. వలయం తెగితే ఆ వైపు ముడతలు పోయి చర్మం నున్నగా అవుతుంది. మలాశయపు గోడ మీద కుట్టు దారం తగల్లేదు, రంధ్రం లేదు. గాలి ఆపుకున్నట్టు బిగించమంటే వేలి చుట్టూ బిగింపు తెలిసింది కానీ బలహీనంగా ఉంది. నొప్పితో ఉన్నప్పుడు ఎవరూ పూర్తిగా బిగించలేరు కాబట్టి దీన్ని ఆఖరి తీర్పుగా తీసుకోలేదు. ఆరో వారం నాటికి గాలి మీద అదుపు రాకపోతే మలద్వారం అల్ట్రాసౌండ్ చేయించాలని అప్పుడే రాసిపెట్టుకున్నాం.

మొదటి నిర్ణయం: తెరవడం

అతుక్కుని ఉన్న ఆ ఒక్క సెంటీమీటరు చర్మాన్ని తెరవాలని చెప్పినప్పుడు ఆమె భయపడింది. ఉన్నదే ఊడిపోయిందని వస్తే మిగిలింది కూడా విప్పుతామంటున్నారు. చీము పోవడానికి కిందివైపు దారి ఉన్నా పైభాగం జేబులా మిగిలిపోయిందని, అది అలాగే ఉంటే రెండు రోజుల్లో మళ్లీ నిండుతుందని బొమ్మ గీసి చూపించాక ఒప్పుకుంది.

చీము పట్టిన కణజాలంలో లిడోకెయిన్ సరిగా పనిచేయదు, అక్కడ ఆమ్లత్వం ఎక్కువ. అందుకే ముప్పావు గంట ముందు నొప్పి మాత్రలు ఇచ్చి, ఇంజెక్షన్ ఎర్రబడిన చోట కాకుండా దాని బయట మంచి చర్మంలో వేశాం. చర్మం తెరిచి, వేలితో జేబు గోడలు తడిమి, లోపల అడ్డుగోడలు ఏవైనా ఉంటే విడదీశాం. వదులుగా వేలాడుతున్న దారం ముక్కలు, రెండు ముడులు తీసేశాం. దారం అక్కడ ఉన్నంతకాలం క్రిములకు పట్టుకొమ్మ. గట్టిగా పట్టి ఉన్న యోని గోడ కుట్లను మాత్రం ముట్టలేదు. సెలైన్‌తో చీము రంగు పోయేదాకా కడిగాం. కడిగిన తర్వాత అడుగు నుంచి కల్చర్‌కు స్వాబ్ తీశాం. పైనుంచి తీస్తే ఆ భాగంలో ఎప్పుడూ ఉండే క్రిములే పెరిగి తప్పుదారి పట్టిస్తాయి.

మూడు రోజుల తర్వాత వచ్చిన రిపోర్టులో ఇ. కోలై, అది కూడా ఆమె వాడుతున్న మందుకే లొంగేది. అంటే మందు మొదటి నుంచీ సరైనదే. అది మరో 5 రోజులు కొనసాగించి ఆపేశాం.

రెండో నిర్ణయం: మళ్లీ కుట్టాలా, అలాగే మాననివ్వాలా

తెరిచాక గాయం పొడవు 3.5, లోతు 2.5 సెంటీమీటర్లు. ఇలాంటప్పుడు రెండు దారులు. చీము పూర్తిగా పోయి, అడుగు ఎర్రగా శుభ్రపడ్డాక మత్తు ఇచ్చి మళ్లీ కుట్టడం ఒకటి. అడుగు నుంచి దానంతట అదే పూడుకునేలా వదిలేయడం మరొకటి. ఏది మేలో తేల్చేంత పెద్ద అధ్యయనాలు లేవు. కాబట్టి గాయాన్ని బట్టి, ఆ మనిషి పరిస్థితిని బట్టి నిర్ణయించుకోవాల్సిందే. మలద్వారపు వలయం తెగి ఉంటేనో, పెరీనియం మొత్తం విచ్చుకుని యోని, మలద్వారం దాదాపు కలిసిపోయినట్టు ఉంటేనో ఆపరేషన్ వైపే మొగ్గేవాళ్లం. ఇక్కడ వలయం బాగుంది, లోపలి కండరపు పొర చాలావరకు పట్టి ఉంది. మళ్లీ కుడితే త్వరగా మూసుకుంటుంది కానీ మళ్లీ చీము పడితే మొదటికొస్తుంది. వదిలేస్తే 6 నుంచి 10 వారాలు పడుతుందని, మధ్యలో తరచూ రావాల్సి ఉంటుందని చెప్పాం. ఆమె వదిలేయడాన్నే ఎంచుకుంది.

ఫలించనిది: గాజుగుడ్డ కూరడం

గాయం తెరిచాక మొదటి మూడు రోజులు పోవిడోన్-అయోడిన్‌లో తడిపిన గాజుగుడ్డను గాయంలో కూరి, రోజుకోసారి మార్చాం. ఇది మా పొరపాటు. మార్చే సమయానికి గుడ్డ ఎండి అడుగుకు అంటుకుపోయేది. లాగితే అప్పుడే మొలుస్తున్న ఎర్రటి కణజాలం దాంతోపాటు ఊడి రక్తం వచ్చేది. యాంటీసెప్టిక్ క్రిములతో పాటు కొత్త కణాలనూ దెబ్బతీస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ నొప్పికి భయపడి ఆమె విరేచనానికి వెళ్లడం మానేసింది. నాలుగో రోజుకు మలం గట్టిపడి, ముక్కడం ఎక్కువై, గాయం మీద ఒత్తిడి పెరిగింది.

పనిచేసింది

కూరడం ఆపేశాం. రోజుకు మూడుసార్లు, విరేచనానికి వెళ్లిన ప్రతిసారీ, చేతి షవర్‌తో గోరువెచ్చని మామూలు నీళ్లు గాయం మీద రెండు మూడు నిమిషాలు పారించి, గుడ్డతో రుద్దకుండా అద్ది ఆరబెట్టమన్నాం. నీళ్లలో ఏమీ కలపొద్దన్నాం. ప్యాడ్ నాలుగు గంటలకోసారి మార్చడం, ముందు నుంచి వెనక్కి తుడవడం. లాక్టులోజ్ 15 మిల్లీలీటర్లు రోజుకు రెండుసార్లు ఇచ్చి, మలం మెత్తగా వచ్చేదాకా చూశాం. టాయిలెట్‌లో కాళ్ల కింద చిన్న పీట వేసుకుని, శుభ్రమైన ప్యాడ్‌ను గాయం మీద అరచేత్తో అదిమి పట్టుకోమన్నాం. అలా పట్టుకున్నాక "విచ్చుకుపోతుందన్న భయం పోయింది" అని ఆమే చెప్పింది.

వారానికి రెండుసార్లు, తర్వాత ఒకసారి చూశాం. చూసిన ప్రతిసారీ స్టెరైల్ స్వాబ్ పుల్లను అడుగుదాకా మెల్లగా దించి, అంచు దగ్గర వేలు పెట్టి లోతు కొలిచాం. 10వ రోజు 2.5 సెంటీమీటర్లు, 17వ రోజు 1.8, 24వ రోజు 1.1, 38వ రోజు 0.4. కంటి అంచనాకు వదిలేస్తే ప్రతిసారీ "బాగానే ఉంది" అనిపిస్తుంది, నిజంగా మానుతోందా లేదా అంకెలే చెబుతాయి. ఒకసారి చర్మపు అంచులు అడుగు కంటే ముందు కలవబోయాయి. అలా కలిస్తే కింద మళ్లీ జేబు మిగిలి చీము పడుతుంది కాబట్టి గ్లౌజ్ వేసుకున్న వేలితో మెల్లగా విడదీశాం.

18వ రోజున ఆమె కంగారుగా వచ్చింది, అడుగున పచ్చగా కనిపిస్తోందని. చీము అయితే కారుతుంది, వాసన వస్తుంది, నొప్పి పెరుగుతుంది. ఈ పచ్చటిది పల్చటి మీగడలా అడుగుకు అంటుకుని ఉంది, వాసన లేదు, నొప్పి రెండే, చుట్టూ ఎరుపు లేదు. మానే గాయం మీద ఏర్పడే పొర అది. మందు ఇవ్వలేదు, నీళ్లతో కడగడమే కొనసాగించాం. మరో వారానికి అడుగంతా ఎర్రటి గింజల్లాంటి కొత్త కణజాలంతో నిండింది.

52వ రోజుకు చర్మం మూసుకుంది, కానీ ఒకచోట కందిగింజంత ఎర్రటి బొడిపె మిగిలి, ముట్టుకుంటే రక్తం వచ్చేది. కొత్త కణజాలం అవసరానికి మించి పెరిగితే ఇలా అవుతుంది, దాని మీద చర్మం పాకదు. చుట్టూ వ్యాజలీన్ రాసి సిల్వర్ నైట్రేట్ పుల్లతో కాల్చాం, వారం తర్వాత ఇంకోసారి. దాంతో పోయింది.

గాలి మీద అదుపు ఆరో వారానికే తిరిగొచ్చింది. బిగింపు బలంగా ఉంది. అల్ట్రాసౌండ్ అవసరం పడలేదు. 12వ వారంలో మచ్చ మెత్తగా ఉంది, కలయికలో యోని ద్వారం కింది అంచున కొద్దిగా నొప్పి అంది. మచ్చను రోజూ కొన్ని నిమిషాలు వేలితో మర్దనా చేయడం నేర్పి, తగ్గకపోతే రమ్మన్నాం.

నేర్చుకున్నవి

ఆరో రోజున ఆమెను పిలిపించి ఉంటే ఉబ్బిన చోట రెండు కుట్లు విప్పి చీము పోనిస్తే సరిపోయేదేమో. గాయం ఇంత లోతుగా తెరవాల్సి వచ్చేది కాకపోవచ్చు. అందుకే ఫోన్‌లో అడిగే ప్రశ్నలు మార్చుకున్నాం. "నొప్పి ఉందా" అని కాకుండా "మొన్న ఎంత, నిన్న ఎంత, ఇవాళ ఎంత" అని అడిగి రాసుకుంటాం. మూడో రోజు తర్వాత ఏ రోజైనా అంకె పైకి ఎక్కితే, జ్వరం ఉన్నా లేకపోయినా, అదే రోజు రమ్మంటాం. జ్వరం గురించి అడిగినప్పుడు చివరి పారాసిటమాల్ ఎన్నింటికి వేసుకున్నారని కూడా అడుగుతాం. వాసన గురించి, గాలి ఎటునుంచి పోతోందన్న దాని గురించి మనమే ముందు అడగాలి.

కుట్ల ఇన్‌ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ రాస్తే 48 గంటల్లోపు గాయాన్ని చూసే అపాయింట్‌మెంట్ కూడా అదే ఫోన్‌లో ఇస్తున్నాం. కుట్లు పూర్తయ్యాక మలద్వారం పరీక్ష ఫలితాన్ని, లెక్కపెట్టిన గాజుగుడ్డల సంఖ్యను రాయకుండా కాన్పు షీటు మూయడం లేదు. చివరిగా ఒకటి ఫోన్ ఎత్తే అందరికీ చెప్పాం: సలుపుతున్న కుట్ల నొప్పి ఒక్క పూటలో సగానికి పైగా పడిపోయిందని చెబితే, సంతోషించే ముందు ప్యాడ్ ఏ రంగులో ఉందో అడగండి.